డిశ్చార్జ్ అయి వచ్చే మనిషికి ఆక్సిజన్ మిషన్, బెడ్, వీల్‌చైర్: ఏది అద్దెకు తేవాలి, ఏది కొనాలి?

డిశ్చార్జ్ చీటీలో "ఇంట్లో ఆక్సిజన్ 2 లీటర్లు, ఫౌలర్ బెడ్, వీల్‌చైర్" అని రాసి చేతిలో పెట్టాక ఇంట్లోవాళ్లకు ఉండే గడువు ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. ఆ హడావిడిలో చాలామంది మూడింటికీ కలిపి ఒకటే నిర్ణయం తీసుకుంటారు. "ఎలాగూ కావాలిగా, కొనేద్దాం" అనో, "కొన్నాళ్లకేగా, అన్నీ అద్దెకు తెద్దాం" అనో. కానీ ఇవి మూడూ మూడు రకాల వస్తువులు. ఆక్సిజన్ మిషన్ నడిచేకొద్దీ అరుగుతుంది, అది ఆగిన క్షణం నుంచి మనిషికి ఇబ్బంది మొదలవుతుంది. బెడ్ అంత తేలిగ్గా అరగదు గానీ గదంతా ఆక్రమిస్తుంది. వీల్‌చైర్ చొక్కాలాంటిది, కొలత కుదరకపోతే ఎంత మంచిదైనా పనికిరాదు. అందుకే మూడింటికీ విడివిడిగా ఆలోచించాలి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న ఎన్నాళ్లు కావాలన్నది కాదు. ఎన్నాళ్లు కావాలో మనకు ఎప్పుడు తెలుస్తుంది అన్నది. తుంటి ఎముక ఆపరేషన్ అయినవాళ్లకు ఆరో వారం చెకప్‌లో కొంత, మూడో నెలలో చాలావరకు తెలుస్తుంది. న్యుమోనియా తర్వాత ఆక్సిజన్‌తో ఇంటికొచ్చినవాళ్లకు రెండు మూడు నెలల్లో తెలుస్తుంది. పక్షవాతంలో మొదటి మూడు నెలల్లో ఒళ్లు బాగా మారుతుంది, ఆ తర్వాత మార్పు నెమ్మదిస్తుంది. ఆ తేదీ వచ్చేదాకా ఏది కొన్నా గుడ్డిగా కొన్నట్టే. డిశ్చార్జ్ రోజున డాక్టర్‌ని "ఇది ఎన్నాళ్లు వాడాలి?" అని అడిగితే "చూద్దాం" అంటారు. "ఇది ఇంకా కావాలా వద్దా అని మళ్లీ ఎప్పుడు పరీక్ష చేస్తారు?" అని అడిగితే తేదీ చెబుతారు. మొదటి అద్దె గడువు ఆ తేదీ దాకా పెట్టుకోండి.

రెండోది, అవసరం మారుతుందా అన్నది. ఇవాళ నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ చాలిన మనిషికి రేపు 5 కావచ్చు, లేదా అసలు అక్కర్లేకపోవచ్చు. మూడోది, వస్తువు చెడిపోతే ఎంతసేపు ఆగగలం. బెడ్ హ్యాండిల్ ఇరుక్కుపోతే రెండు రోజులు సర్దుకుంటాం. ఆక్సిజన్ విషయంలో సర్దుకోలేం. నాలుగోది, ఒంటికి కొలత కుదరాలా అన్నది. ఇది ముఖ్యంగా వీల్‌చైర్‌కు, కొంతవరకు బెడ్ ఎత్తుకు.

డబ్బు లెక్క వీటి తర్వాతే. కొన్న ధరలోంచి అవసరం తీరాక అమ్మితే నిజంగా చేతికొచ్చే మొత్తం తీసేసి, సర్వీసు ఖర్చు కలిపి, నెల అద్దెతో భాగించండి. ఉదాహరణకు మిషన్ ధర 10 నెలల అద్దెకు సమానం అనుకుందాం. అమ్మితే 4 నెలల అద్దెంత వస్తుంది, మధ్యలో ఫిల్టర్లు, సర్వీసు కలిపి 1 నెల అద్దెంత అవుతుంది. 10లోంచి 4 తీసి 1 కలిపితే 7. అంటే ఏడో నెలకు అద్దె, కొనుగోలు సమానం. ఇక్కడ జనం పొరపాటుపడేది ఆ 4 దగ్గర. వాడిన వైద్య పరికరాన్ని మనకు కావాల్సిన వారంలో, మనం అనుకున్న ధరకు కొనేవాడు దొరకడం అంత సులువు కాదు. అందుకే అమ్మకం విలువ సున్నా అనుకుని ఇంకోసారి వేయండి. అప్పుడు 11 నెలలు. అవసరం ఏడు నెలల లోపే అని తెలిస్తే అద్దె, పదకొండు దాటుతుందని తెలిస్తే కొనడం. మధ్యలో పడితే డబ్బు పక్కన పెట్టి పై నాలుగు ప్రశ్నలను బట్టే తేల్చుకోవాలి. మీ దగ్గరి ధరలు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే.

అద్దె వైపు రెండు ఖర్చులు తరచూ మర్చిపోతారు. రవాణా రెండుసార్లు ఉంటుంది, తేవడానికి ఒకసారి, తీసుకెళ్లడానికి ఒకసారి. నెల మీద నాలుగు రోజులు దాటితే చాలామంది రెండో నెల మొత్తం పట్టుకుంటారు. మొదటి నెల తర్వాత వారాల లెక్కన తీసుకుంటారా అని ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

## ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్

మూడింట్లో తప్పు నిర్ణయం బాగా దెబ్బకొట్టేది ఇదే. అందుకే ఇది లోపల ఎలా పనిచేస్తుందో కాస్త తెలిసి ఉండాలి.

గదిలోని గాలిలో ఆక్సిజన్ 21 శాతం, నైట్రోజన్ 78 శాతం. మిషన్‌లో ఉన్న కంప్రెసర్ గాలిని గట్టిగా నొక్కి, జియోలైట్ అనే ఖనిజపు గుళికలు నింపిన రెండు గొట్టాల్లోకి వంతులవారీగా పంపుతుంది. ఒత్తిడిలో ఉన్నంతసేపు ఆ గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుంటాయి, ఆక్సిజన్ ముందుకు పోతుంది. ఒత్తిడి వదలగానే నైట్రోజన్ బయటికి పోతుంది. కొన్ని సెకన్లకోసారి వినిపించే "బుస్" అన్న శబ్దం అదే. బాగున్న మిషన్‌లోంచి వచ్చేది సుమారు 90 నుంచి 96 శాతం ఆక్సిజన్.

ఆ గుళికలకు గిట్టనిది తేమ. తడిగా ఉండే గది, దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్, నెలల తరబడి వాడకుండా మూల పెట్టడం, వీటన్నిటివల్ల అవి నెమ్మదిగా తేమ పట్టి నైట్రోజన్‌ను పట్టుకోవడం మానేస్తాయి. అప్పుడు ఏమవుతుందో గమనించండి. మిషన్ మామూలుగానే మోగుతుంది. ముక్కుకు వెళ్లే గాలికి తేమ కలిపే నీళ్ల సీసాలో బుడగలు వస్తూనే ఉంటాయి. ఫ్లో మీటర్‌లో బంతి 2 గీత దగ్గరే నిలబడుతుంది. కానీ ముక్కుకు అందే గాలిలో ఆక్సిజన్ 70 శాతమో ఇంకా తక్కువో ఉంటుంది. బంతి చూపేది ఎంత గాలి వస్తోందన్నదే, ఆ గాలిలో ఆక్సిజన్ ఎంతుందన్నది కాదు. దాన్ని కొలవడానికి ఆక్సిజన్ అనలైజర్ అనే చిన్న పరికరం ఉంటుంది. కొన్ని మిషన్లలో లోపలే సెన్సర్ ఉండి, శాతం బాగా తగ్గితే పసుపు లేదా ఎర్ర లైటు వెలిగిస్తుంది. అద్దెకైనా, కొనడానికైనా ఈ సెన్సర్ ఉన్నదే తీసుకోండి.

అద్దెకు వచ్చిన మిషన్‌ని తెచ్చినతను వెళ్లకముందే నాలుగు పనులు చేయాలి. పావుగంట చాలు.

1. వెనకో, కిందో గంటల మీటర్ ఉంటుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీయండి. రోజంతా నడిస్తే నెలకు 720 గంటలు అవుతాయి. 12,000 గంటలు చూపిస్తుంటే అది దాదాపు 17 నెలలు ఆగకుండా నడిచిన మిషన్ అన్నమాట. అంతమాత్రాన పనికిరాదని కాదు, కానీ సర్వీసు ఎప్పుడు చేయించారో అడిగే హక్కు వచ్చింది.
2. మీకు కావాల్సింది 2 లీటర్లయినా, మిషన్‌ని దాని గరిష్ఠ ఫ్లో మీద పెట్టి 10, 15 నిమిషాలు నడపమనండి. అప్పుడు అనలైజర్‌తో శాతం చూపించమనండి. అలసిన మిషన్ తక్కువ ఫ్లోలో బాగానే కనిపిస్తుంది, ఫ్లో పెంచితే శాతం పడిపోతుంది.
3. నడుస్తుండగా ప్లగ్ లాగేయండి. కరెంటు పోయిందన్న అలారం మోగాలి. మోగకపోతే అందులో బ్యాటరీ పోయింది. రాత్రి కరెంటు పోతే ఎవరూ లేవరు.
4. నీళ్ల సీసా తగిలించి, ముక్కు గొట్టాన్ని రెండు వేళ్లతో మడిచి పట్టుకోండి. బంతి కిందికి జారాలి, సీసా మూత దగ్గర వాల్వ్ ఈల వేసినట్టు శబ్దం చేయాలి. రెండూ జరగకపోతే మూత వంకరగా బిగిసి ఆక్సిజన్ పక్కనుంచి లీక్ అవుతోంది. ఇంట్లో ఎక్కువగా జరిగే లోపం ఇదే. మూత విప్పి మళ్లీ తిన్నగా బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

ఇక ఎంపిక సంగతి. ఆస్పత్రిలో ఉండగా మొదటిసారి ఆక్సిజన్ పెట్టి ఇంటికి పంపినవాళ్లను 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ పరీక్షించాలన్నది ఊపిరితిత్తుల నిపుణుల సలహా. ఎందుకంటే వీరిలో చాలామందికి ఆ లోపే అవసరం తీరిపోతుంది. కాబట్టి ఈ కోవలోవాళ్లు మొదటి మూడు నెలలు అద్దెకే తీసుకోవాలి. డబ్బు ఎంత ఉన్నా ఇదే మాట.

సీఓపీడీలాంటి పాత ఊపిరితిత్తుల జబ్బుతో, ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా, కదలకుండా కూర్చున్నప్పుడు SpO2, అంటే ఆక్సీమీటర్ చూపే రక్తంలోని ఆక్సిజన్ శాతం, 88 లేదా అంతకన్నా తక్కువ ఉంటూ, రక్త పరీక్షలో కూడా అదే తేలితే కథ వేరు. వీరికి రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980, 1981లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనల్లో తేలింది. ఇది ఏళ్ల తరబడి వాడే వ్యవహారం, కొనడమే న్యాయం. అయినా మొదటి నెల అదే మోడల్‌ని అద్దెకు తెచ్చి చూడండి. పడకగదిలో ఆ శబ్దానికి నిద్ర పడుతుందా, గది ఎంత వేడెక్కుతుంది, కరెంటు ఎంత కాలుతుంది అన్నవి ఆ నెలలోనే తెలిసిపోతాయి. 5 లీటర్ల మిషన్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. రోజంతా నడిస్తే 8.4 యూనిట్లు, నెలకు 250 యూనిట్లు పైచిలుకు. అద్దెకు తెచ్చినా, కొన్నా ఈ ఖర్చు మీదే.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు ఉన్నవాళ్ల విషయంలో మాత్రం ఆ లెక్క పనిచేయదు. వాడకం ఎక్కువ కాలమే, కానీ ఇవాళ 2 లీటర్లతో నడిచేది ఆరు నెలల్లో 6 లీటర్లు కావచ్చు. 5 లీటర్ల మిషన్ కొంటే అది అప్పటికి పనికిరాదు. ముందుజాగ్రత్తగా 10 లీటర్లది కొంటే ఇప్పటినుంచే దాదాపు రెట్టింపు కరెంటు, ఎక్కువ శబ్దం. ఇలాంటివాళ్లకు, నెలకు కొంత ఎక్కువ పడినా, మిషన్ మార్చుకునే వీలున్న అద్దే మేలు.

బ్యాగులో వేసుకుని తిరిగే పోర్టబుల్ మిషన్‌ని చూసి చాలామంది మోజు పడతారు. వాటిలో చాలావరకు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే ఒక్కో విడత వదులుతాయి. వాటి మీద 2 అన్న అంకె నిమిషానికి 2 లీటర్లు కాదు. వారం అద్దెకు తెచ్చి, నడిపించి, ఆక్సీమీటర్ పెట్టి చూడకుండా దీన్ని కొనొద్దు.

చెడిపోతే ఏం చేయాలన్నది కాగితం మీద ఉండాలి. అద్దె ఇచ్చేవాళ్లను "సర్వీసు ఉందా?" అని కాదు, "రాత్రి 11కి ఆగిపోతే ఎన్ని గంటల్లో ఇంకో మిషన్ తెస్తారు?" అని అడగండి. వాళ్లు చెప్పిన గంటలకు సరిపడా సిలిండర్ ఇంట్లో ఉండాలి. లెక్క తేలికే. సిలిండర్‌లో ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ఆ అంకెను, గేజ్ మీది ఒత్తిడిని బార్‌లలో తీసుకుని గుణించండి. 10 లీటర్ల సిలిండర్ 150 బార్ దగ్గర ఉంటే 1,500 లీటర్ల ఆక్సిజన్. నిమిషానికి 2 లీటర్ల చొప్పున 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు. చివరి బొట్టు దాకా లెక్కపెట్టుకోకుండా పది గంటలే అనుకోండి. మిషన్ కొన్నా సరే, ఈ సిలిండర్‌ని అద్దెకు తెచ్చుకోక తప్పదు. మిషన్ అయినా, సిలిండర్ అయినా పొయ్యికి, దీపానికి, బీడీ సిగరెట్లకు బాగా దూరంగా ఉంచాలి.

వాడిన మిషన్ తక్కువ ధరకు కొనడం గురించి ఒకే మాట. గంటల మీటర్, గరిష్ఠ ఫ్లోలో అనలైజర్ అంకె, ఈ రెండూ చూపించలేని మిషన్ ఎంత చవకైనా వద్దు.

## హాస్పిటల్ బెడ్

బెడ్‌లో అడగాల్సింది ఎన్ని ఫంక్షన్లు అని కాదు, ఎత్తు మారుతుందా అని. సెమీ ఫౌలర్ బెడ్‌లో ఒక హ్యాండిల్ ఉంటుంది, వీపు భాగం లేస్తుంది. ఫౌలర్‌లో రెండు, వీపుతోపాటు మోకాళ్ల భాగం కూడా లేస్తుంది. చేత్తో తిప్పే ఇలాంటి బెడ్లలో చాలావరకు ఎత్తు మారదు. ఫ్రేమ్ 50 సెంటీమీటర్లు, పరుపు 10, మొత్తం 60 అనుకోండి. పొట్టిగా ఉండే ఆవిడకు మోకాలి మడత నుంచి పాదం దాకా 40 సెంటీమీటర్లే ఉంటుంది. మంచం అంచున కూర్చుంటే పాదాలు నేలకు 20 సెంటీమీటర్లు పైన వేలాడుతుంటాయి. పాదం నేలకు ఆనకుండా లేచి నిలబడబోయే మనిషి ముందుకు జారి పడతారు. కోలుకునే మనిషికి బెడ్ వల్ల జరిగే పెద్ద ప్రమాదం ఇదే. బెడ్ అమర్చాక ముందు చేయాల్సిన పని, మనిషిని అంచున కూర్చోబెట్టి "అమ్మా, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనుతున్నాయా?" అని అడగడం.

ఎత్తు మారే ఎలక్ట్రిక్ బెడ్ అయితే లేచేటప్పుడు కిందికి, ఒళ్లు తుడిచేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు పైకి పెట్టుకోవచ్చు. చూసుకునే మనిషి నడుము గురించి కూడా ఆలోచించాలి కదా. కొనడానికి ఖరీదెక్కువ కాబట్టి, తక్కువ కాలానికి అద్దెకు తీసుకుంటే ఎక్కువ లాభం అనిపించేది ఈ రకమే. చేత్తో తిప్పే బెడ్ మాత్రం వాడినది కొనడానికి భయపడక్కర్లేదు. ఒకటే పరీక్ష: ఎవరినైనా పడుకోబెట్టి హ్యాండిల్ తిప్పండి. ఖాళీ బెడ్ ఏదైనా సాఫీగానే లేస్తుంది. బరువు మీద కిర్రుమంటూ ఆగి ఆగి లేస్తే లోపలి మర అరిగిపోయింది. హ్యాండిల్ లోపలికి మడుచుకుంటుందో లేదో కూడా చూడండి. మడవకపోతే రాత్రిపూట ఇంట్లో అందరి పిక్కలూ దానికే కొట్టుకుంటాయి.

పక్క కటకటాల మధ్య సందు 12 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండాలి, లేకపోతే తల ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. అద్దె బెడ్‌కు ఇంకెక్కడిదో సన్నటి పరుపు వేసి తెచ్చినప్పుడు పరుపుకీ కటకటాలకీ మధ్య సందు పెరుగుతుంది. అక్కడ చెయ్యి పెట్టి చూడండి. మతి సరిగా లేక రాత్రి లేచిపోయే మనిషికి కటకటాలు ఎత్తిపెట్టడం ఇంకా ప్రమాదం. వాళ్లు దాటడానికి చూస్తారు, మంచం మీంచి పడేదానికన్నా ఎత్తు నుంచి పడతారు. వాళ్లకు బెడ్‌ని వీలైనంత కిందికి దించడమే పరిష్కారం. అది కూడా ఎత్తు మారే బెడ్‌తోనే అవుతుంది.

పరుపు సంగతి. ఒంటికి పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు మాత్రం కొనండి. లోపలి గదులు కొన్ని నిమిషాలకోసారి వంతులవారీగా ఉబ్బుతూ తగ్గుతూ ఉండే ఈ పరుపుకు ఒక చిన్న చిల్లు పడినా పని అయిపోయినట్టే. పైగా ఇంకొకరి పుండ్ల రసి అంటిన పరుపు ఎవరికీ వద్దు. అరచేయి పరుపు కిందికి పోనిచ్చి, పిరుదుల కింద ఎముక చేతికి తగులుతోందా అని చూడండి. తగిలితే గాలి చాలడం లేదు. గాలి పరుపు ఉన్నా మనిషిని తిప్పుతూనే ఉండాలి. ఎన్ని గంటలకోసారి అన్నది నర్సును అడిగి రాసుకోండి.

అసలు బెడ్ అవసరమేనా అని కూడా ఒకసారి ఆలోచించండి. సొంతంగా పక్కకు తిరగగలిగి, పట్టుకుంటే లేచి కూర్చునే మనిషికి, మోకాలి ఎత్తుకన్నా కాస్త పైన ఉండే గట్టి మంచం, వీపు వెనక వాలు దిండు చాలు. ఊపిరి ఆడక తల ఎత్తి పడుకోవాల్సినవాళ్లు, సొంతంగా తిరగలేనివాళ్లు, ఎత్తాలంటే ఇద్దరు కావాల్సినవాళ్లు, వీళ్లకే బెడ్ నిజంగా కావాలి.

## వీల్‌చైర్

అద్దె కుర్చీ సాధారణంగా ఒకటే సైజు, సీటు వెడల్పు 46 సెంటీమీటర్లు. మీ మనిషికి అది సరిపోతే అదృష్టం. కొలత తీయడం ఐదు నిమిషాల పని. గట్టి కుర్చీలో కూర్చోబెట్టి రెండు పిరుదుల బయటి అంచుల మధ్య గరిష్ఠ వెడల్పు కొలవండి, దానికి 3, 4 సెంటీమీటర్లు కలిపితే సీటు వెడల్పు. పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా కొలిచి 5 సెంటీమీటర్లు తీసేస్తే సీటు లోతు. సీటు మరీ వెడల్పైతే మనిషి ఒక పక్కకు ఒరుగుతారు, చక్రాలు చేతికందవు. మరీ లోతైతే అంచు మోకాలి వెనక ఒత్తుతుంది, అది తప్పించుకోవడానికి ముందుకు జారి కూర్చుంటారు, వెన్ను వంగిపోతుంది.

ఆస్పత్రికి వెళ్లి రావడానికో, ఆవరణలో తిప్పడానికో వారానికి రెండుసార్లు వాడేదైతే ఈ కొలతలకు అంత ప్రాణం పెట్టక్కర్లేదు. అద్దెదో, ఎవరి ఇంట్లోనో పడి ఉన్నదో చాలు. రోజుకు నాలుగైదు గంటలు అందులోనే కూర్చునే మనిషికి మాత్రం కొలతే అసలు విషయం. అక్కడ అద్దె కుర్చీ చవక అనిపించినా పిరుదుల మీద పుండుగానో, భుజం నొప్పిగానో తర్వాత బయటపడుతుంది.

అయినా పక్షవాతం వచ్చినవాళ్లకు మొదటి రోజే కొలిచి కొనమని చెప్పను. మొదటి వారాల్లో తల నిలవక, వెనక్కి వాలే కుర్చీ కావాలి. రెండు నెలలకు నడుము నిలబడితే మామూలు కుర్చీ. ఇంకొన్నాళ్లకు బాగున్న చేత్తో చక్రం తిప్పుతూ, బాగున్న కాలితో నేలను తోస్తూ సొంతంగా తిరగగలిగితే, పాదం నేలకు ఆనేలా సీటు మామూలుకన్నా ఐదారు సెంటీమీటర్లు కిందికి ఉండే కుర్చీ కావాలి. మూడు నెలల్లో మూడు కుర్చీలు. ఆ మూడు నెలలూ అద్దెకు తెచ్చి, ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు కొలిచి చెప్పినది కొనడం మంచిది. కాలు విరిగి కట్టుతో ఉన్నవాళ్లకు కాలు చాపి ఉంచే ఫుట్‌రెస్ట్ ఉన్న కుర్చీ అద్దెకు అడగండి. కట్టు విప్పాక దానితో పని ఉండదు.

అద్దె కుర్చీ వచ్చాక బ్రేకు వేసి మనిషిని కూర్చోబెట్టకుండా గట్టిగా తోయండి. టైరు అరిగినా, గాలి తగ్గినా బ్రేకు కడ్డీ టైరును అందుకోదు, కుర్చీ జారుతుంది. మంచం మీంచి కుర్చీలోకి మారే ఆ రెండు సెకన్లలోనే మనుషులు పడిపోతారు. ఆర్మ్‌రెస్ట్ ఊడి వచ్చేదైతే పక్కనుంచి జరిపి కూర్చోబెట్టవచ్చు, ఎత్తే పని ఉండదు.

## ఒక ఇంటి లెక్క

72 ఏళ్ల ఆవిడ, 54 కిలోలు. జారిపడి తుంటి ఎముక విరిగితే సగం కీలు మార్చే ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలోనే న్యుమోనియా వచ్చి, 2 లీటర్ల ఆక్సిజన్‌తో ఇంటికి పంపుతున్నారు. చూసుకునేది 75 ఏళ్ల భర్త, ఆయనకూ నడుము నొప్పి. కూతురు పగలు వచ్చి వెళుతుంది.

| వస్తువు | తేలే తేదీ | ఈ ఇంట్లో నిర్ణయం |
|---|---|---|
| 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ | 3వ, 8వ వారం చెకప్ | అద్దె, పక్కన ఒక సిలిండర్ |
| ఎత్తు మారే ఎలక్ట్రిక్ బెడ్ | సొంతంగా లేచే రోజు | అద్దె, నెల తర్వాత వారాల లెక్కన |
| వీల్‌చైర్ | 6వ వారం | వాడినది కొనుగోలు, సీటు 41 సెం.మీ. |
| స్నానపు కుర్చీ, ముక్కు గొట్టాలు, నీళ్ల సీసా | అక్కర్లేదు | కొత్తవి కొనుగోలు |

వీల్‌చైర్ ఒక్కటే ఎందుకు కొన్నారంటే, పిరుదుల వెడల్పు 36 సెంటీమీటర్లు వచ్చింది. 4 కలిపితే 40, దొరికే సైజు 41. అద్దెకు ఉన్నది 46దే. కుర్చీ మొత్తం వెడల్పు సీటుకన్నా దాదాపు 20 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. పడకగది తలుపు సందు 68. 46 సీటు కుర్చీ 66 అవుతుంది, పక్కకు ఒక్కో సెంటీమీటరే మిగిలి వేళ్లు నలుగుతాయి. 41ది 61, హాయిగా దూరుతుంది. బాత్రూమ్ తలుపు 60, దానిలో రెండూ దూరవు. అందుకే చిన్న చక్రాల స్నానపు కుర్చీ వేరుగా తీసుకున్నారు. గుడ్డ సీటు కుంగితే తుంటి మరీ మడుస్తుంది కాబట్టి, సర్జన్ మడవొద్దన్నంత కాలం వీల్‌చైర్‌లో గట్టి పలక మీద దిండు వేశారు.

బెడ్‌కు ఎత్తు మారేది ఎంచుకోవడానికి కారణం ఆవిడ కాదు, ఆయన నడుము. ఐదో వారానికి ఆవిడ వాకర్ పట్టుకుని సొంతంగా లేస్తోంది. ఒక నెల, ఒక వారం అద్దెతో బెడ్ వెళ్లిపోయింది. వారాల లెక్క ముందే మాట్లాడుకోకపోతే రెండు నెలలు కట్టాల్సి వచ్చేది.

ఆక్సిజన్‌లో మూడో వారం చెకప్‌కి కూర్చున్నప్పుడు మిషన్ లేకుండా SpO2 94 వచ్చింది, హాల్లో నడిపిస్తే 87కి పడిపోయింది. నడిచేటప్పుడు వాడమన్నారు. ఎనిమిదో వారం నడిచినా 92 నిలిచింది, ఆపేయమన్నారు. పై ఉదాహరణ అంకెలతో చూస్తే రెండు నెలల అద్దె, రెండు విడతల రవాణా. కొని ఉంటే అమ్ముడుపోయినా ఆరు నెలల అద్దెంత పోయేది, అమ్ముడుపోకపోతే పదీ పోయేది.

డాక్టర్ ఆపమన్న రోజే మిషన్ వాపసు పంపకుండా ఇంకో వారం ఉంచారు. ఉదయం లేవగానే, కాస్త నడిచాక, రాత్రి పడుకునేముందు ఆక్సీమీటర్ పెట్టి అంకెలు కాగితం మీద రాశారు. ఏడు రోజులూ నిలకడగా ఉన్నాక గంటల మీటర్ ఇంకోసారి ఫొటో తీసి, డిపాజిట్ రసీదుతో కలిపి పంపేశారు. కొన్న వీల్‌చైర్ ఇంకా ఉంది, దూరం వెళ్లాల్సి వచ్చినప్పుడు మడిచి కారులో వేస్తున్నారు. ఒకవేళ మిషన్‌నే కొని ఉంటే దాన్ని అలా మూల పెట్టడానికి వీల్లేదు. మాన్యువల్‌లో చెప్పిన గడువుల్లో బయటికి తీసి, ఫిల్టర్ కడిగి ఆరబెట్టి, కొన్ని గంటలు నడిపి పెడుతుండాలి. లేదంటే మళ్లీ అవసరమైన రోజున బుడగలు వస్తాయి, ఆక్సిజన్ రాదు.